130 వేగం.. 82 సగటు: ఆ మూడు గంటలు ఎక్కడ పోయాయి?

రైల్వే పరీక్షలకు సిద్ధమయ్యేవాళ్లకు ఈ ప్రశ్న కొత్తేం కాదు. ఒక రైలు ఆగకుండా వెళ్తే గంటకు 54 కి.మీ., ఆగుతూ వెళ్తే 45 కి.మీ. వేగంతో ప్రయాణిస్తుంది. గంటకు ఎన్ని నిమిషాలు ఆగుతోంది? రెండు వేగాల తేడా 9. దాన్ని 54తో భాగించి 60తో గుణిస్తే 10 నిమిషాలు. లెక్క అయిపోయింది. మరి ఇదే సూత్రాన్ని నిజమైన రైలుకు వర్తింపజేస్తే?

విశాఖపట్నం-సికింద్రాబాద్ వందేభారత్‌ను తీసుకుందాం. 2023 జనవరిలో మొదలైనప్పుడు దాని ప్రయాణం దాదాపు 699 కి.మీ., సమయం ఎనిమిదిన్నర గంటలు. అంటే సగటు వేగం గంటకు 82 కి.మీ. వార్తల్లో కనిపించే గరిష్ఠ వేగం మాత్రం 130. సూత్రం ప్రకారం ఈ రైలు గంటకు 22 నిమిషాలు, మొత్తంగా మూడు గంటలకు పైగా స్టేషన్లలో ఆగి ఉండాలి. కానీ అప్పటి టైంటేబుల్లో మధ్య స్టాపులు నాలుగే: రాజమండ్రిలో 2 నిమిషాలు, విజయవాడలో 5, ఖమ్మం, వరంగల్‌లలో ఒక్కో నిమిషం. అన్నీ కలిపినా 9 నిమిషాలే. వాటిని తీసేసినా సగటు 84 దగ్గరే ఆగిపోతుంది.

తేడా ఎక్కడొచ్చిందంటే, పరీక్షలోని 54 రైలు నిజంగా నడిచిన వేగం. వార్తల్లోని 130 మాత్రం దాటకూడని హద్దు. ఆ హద్దును రైలు దారంతా అందుకోలేదు. వంపులు, వంతెనలు, పెద్ద జంక్షన్లలో పట్టాలు మారే చోట్లు, పనులు జరుగుతున్న చోట్లలో వేగం తగ్గించాల్సిందే. దీని దెబ్బ మనం అనుకునేదానికంటే పెద్దది. 10 కి.మీ. దూరాన్ని 130 వేగంతో దాటడానికి ఐదు నిమిషాల లోపే చాలు. అదే దూరం 30 వేగంతో వెళ్తే 20 నిమిషాలు. ఆ ఒక్క ముక్కలోనే పోయేది 15 నిమిషాలు. అంటే నాలుగు స్టాపుల్లో ఆగిన సమయం కంటే ఎక్కువ.

స్టాపు ఖర్చు కూడా ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ నిమిషంతో అయిపోదు. 130 నుంచి సున్నాకు రావడానికి రెండు నిమిషాలు, మళ్లీ అందుకోవడానికి రెండు నిమిషాలు పడతాయనుకోండి. ఆ నాలుగు నిమిషాల్లో రైలు పూర్తి వేగంతో వెళ్లగలిగే దూరంలో సగమే వెళ్తుంది. అంటే మరో రెండు నిమిషాలు పోయినట్టే. ఒక నిమిషం స్టాపు అసలు ఖరీదు మూడు నిమిషాలు. మా ఊళ్లో ఒక్క నిమిషం ఆపితే ఏం పోతుంది అనే డిమాండ్లు విన్నప్పుడు వేయాల్సిన లెక్క ఇదే.

ఇంకో కారణం టైంటేబుల్లోనే దాగి ఉంటుంది. రైలు ఆలస్యమైతే సర్దుకోవడానికి ముందే కొంత సమయం కలిపి ఉంచుతారు. ఇందులో ఎక్కువ భాగం చివరి స్టేషన్‌కు ముందు పెడతారు. పట్టుకోవడం తేలికే: రానూపోనూ వేళల్ని పక్కపక్కన పెట్టండి. ప్రారంభ టైంటేబుల్లో సికింద్రాబాద్‌లో 15.00కు బయలుదేరిన రైలు వరంగల్‌కు 16.35కు చేరేది. పట్టింది 95 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో వరంగల్‌లో 12.06కు బయలుదేరి సికింద్రాబాద్‌కు 14.15కు చేరేది. అదే దూరానికి 129 నిమిషాలు! విశాఖ వైపు కూడా ఇంతే. విశాఖ నుంచి రాజమండ్రికి 130 నిమిషాలు, రాజమండ్రి నుంచి విశాఖకు 150. ఒకే రైలు, ఒకే దారి అయినా గమ్యం దగ్గరపడుతుంటే కాలం సాగింది. ఊరి శివార్లలో ప్లాట్‌ఫాం ఖాళీ కోసం చూడటం లాంటివి ఈ అదనపు నిమిషాల్లోనే ఇమిడిపోతాయి. తర్వాత ఈ రైలుకు స్టాపులు, వేళలు మారాయి కానీ, చూసే పద్ధతి ఏ రైలుకైనా ఇదే.

దీంతో ప్రయాణికుడికి వచ్చే చిక్కు ఒకటుంది. అప్పటి వేళల ప్రకారం వరంగల్‌కు 25 నిమిషాలు ఆలస్యంగా వచ్చిన రైలు కూడా సికింద్రాబాద్‌కు సరైన సమయానికి చేరే వీలుంది. గమ్యం దగ్గర చూస్తే అది ‘రైట్ టైం’. వరంగల్‌లో దిగి పరీక్ష కేంద్రానికి వెళ్లాల్సిన అభ్యర్థికి మాత్రం ఆ 25 నిమిషాలు పోయినట్టే. మధ్య స్టేషన్‌లో దిగేవాళ్లు, అక్కడ వేరే రైలు అందుకోవాల్సినవాళ్లు గమ్యం దగ్గరి రికార్డును నమ్ముకోకూడదు. తాము దిగే స్టేషన్‌కు ఆ రైలు కొన్ని రోజులుగా ఎప్పుడు చేరుతోందో చూసుకోవాలి.

రైల్వే కూడా ‘సూపర్‌ఫాస్ట్’ హోదాకు గరిష్ఠ వేగాన్ని కాదు, సగటునే కొలమానంగా పెట్టుకుంది. బ్రాడ్‌గేజ్‌లో రానూపోనూ కనీసం గంటకు 55 కి.మీ. ఉండాలి. అందుకే ఏదైనా మార్గంలో వేగం 110 నుంచి 130కి పెంచారన్న వార్త చదివితే ఒక్క ప్రశ్న వేసుకోండి: కొత్త టైంటేబుల్లో చివరి స్టేషన్‌కు చేరే వేళ ఎంత ముందుకొచ్చింది? ఆ వేళ కదలకపోతే, పెరిగిన వేగం ఆలస్యాన్ని సర్దుకోవడానికే తప్ప మన ప్రయాణ సమయాన్ని తగ్గించడానికి పనికిరాలేదన్నమాట.