బ్రేకు అరిగితే

మొన్న తెలుగువాళ్ళ వనభోజనాల్లో ఓ మిత్రుడు నన్ను పక్కకు పిలిచాడు. ఉద్యోగం పోయింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకు దొరికే 60 రోజుల గడువులో 40 అయిపోయాయి. "కారు ఎక్కడ పెట్టానో గుర్తుండట్లేదు డాక్టరుగారూ! రాత్రి చదివింది పొద్దున ఇంటర్వ్యూలో రావట్లేదు. మా నాన్నగారి మతిమరుపు నాకూ మొదలైందంటారా?" అన్నాడు. వయసు 42.

భయం వేయగానే గుండె దడదడలాడించేది అడ్రినలిన్. దాని వెనకే నింపాదిగా ఇంకో కబురు బయల్దేరుతుంది. మెదడు అడుగునున్న హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి చెబుతుంది. పిట్యూటరీ రక్తం ద్వారా మూత్రపిండాల మీదున్న అడ్రినల్ గ్రంథులకు చెబుతుంది. అవి కార్టిసాల్ వదులుతాయి. ఈ మూడంచెల దారినే హెచ్‌పీఏ యాక్సిస్ అంటారు. కార్టిసాల్ పతాకస్థాయికి చేరడానికి ఓ 20, 30 నిమిషాలు పడుతుంది. అది రక్తంలో చక్కెర పెంచి, ఆపద దాటేదాకా ఒంటిని నిలబెడుతుంది.

తర్వాత ఆ కార్టిసాలే మెదడుకు తిరిగొచ్చి "ఇక చాలు" అంటుంది. ఆ మాట వినే చోట్లలో హిప్పోక్యాంపస్ ఒకటి. కారు ఎక్కడ పెట్టామన్న కొత్త జ్ఞాపకాన్ని నిలబెట్టేది కూడా అదే. చిక్కంతా ఇక్కడే ఉంది. ఒత్తిడి వారాల తరబడి సాగితే బ్రేకు వేయాల్సిన భాగమే అరుగుతుంది. బ్రేకు సరిగా పడక కార్టిసాల్ ఇంకా పెరుగుతుంది.

బ్రూస్ మెక్యూవెన్ బృందం ఎలుకల్ని రోజుకు 6 గంటల చొప్పున 21 రోజులు కదలనీయకుండా ఉంచింది. వాటి హిప్పోక్యాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుదించుకుపోయాయి. అయితే కణాలు చావలేదు. ఒత్తిడి ఆపాక కొమ్మలు మళ్ళీ పెరిగాయి. కార్టిసాల్ విపరీతంగా ఊరే కుషింగ్స్ జబ్బు ఉన్నవాళ్ళలోనూ, చికిత్స తర్వాత హిప్పోక్యాంపస్ పరిమాణం కొంత పెరగడం చూశారు.

అలాగని చిన్న హిప్పోక్యాంపస్‌కు ప్రతిసారీ ఒత్తిడే కారణమనలేం. వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చి తీవ్రంగా కుంగినవాళ్ళనూ, యుద్ధానికి వెళ్ళని వాళ్ళ కవల సోదరులనూ పోల్చిన 2002 నాటి పరిశోధనలో ఇద్దరికీ అది చిన్నగానే కనిపించింది. కొందరికి అది పుట్టుకతోనే వచ్చి ఉండవచ్చు.

మావాడు కార్టిసాల్ పరీక్ష చేయించుకుంటానన్నాడు. వద్దన్నాను. అది పొద్దున ఎక్కువగా, అర్ధరాత్రికి బాగా తక్కువగా ఉంటుంది. ఒక్క మధ్యాహ్నపు అంకెతో ఒత్తిడిని కొలవలేం. బదులుగా థైరాయిడ్, బి12 చూపించుకోమన్నాను. అతను శాకాహారి. నిద్ర ఎంతని అడిగితే మూడు గంటలన్నాడు. జ్ఞాపకాలు కుదురుకునేది నిద్రలోనే కాబట్టి ముందు సరిచేయాల్సింది అదేనన్నాను.

మతిమరుపు జబ్బులో తరచూ ఇంట్లోవాళ్ళే ముందు గమనిస్తారు. ఇతను మాత్రం ఏవేం మర్చిపోయాడో వరుసగా అప్పజెప్పాడు. అది నాకు కొంత ధైర్యమిచ్చింది. ఉద్యోగం సంగతి తేలి, నిద్ర కుదిరాక కూడా మూడు నెలలకు ఇలాగే ఉంటే జ్ఞాపకశక్తి పరీక్షలు చేద్దామన్నాను.

మిగిలిన 20 రోజుల గడువు మాత్రం నా చేతిలో లేదు.