“పాలు పడలేదు” – ఈ తీర్పు ఎవరిది?

బాలింత మంచం పక్కన నిలబడి “పాలు పడలేదు” అని తేల్చేసే వాళ్లకు మన దగ్గర కొదవ లేదు. అత్తగారు అంటుంది, చూడవచ్చిన పిన్ని అంటుంది, చివరికి ఆస్పత్రి నర్సు కూడా అంటుంది. కన్న మూడో రోజుకే ఆ స్త్రీ శరీరం పనికిరానిదైపోతుంది. ఆ వెంటనే డబ్బా వస్తుంది. డబ్బాకు డబ్బులు చాలకపోతే నీళ్లెక్కువైన పాలు వస్తాయి. తీర్పు చెప్పిన వాళ్లలో ఒక్కరైనా బిడ్డను తూచారా? తడిసిన గుడ్డలు లెక్కపెట్టారా? కొలవకుండా స్త్రీ మీద వేసే నిందల్లో ఇదొకటి.

మేం పనిచేసే బస్తీలో జరిగిందే చెబుతాను. ఇరవై రెండేళ్ల అమ్మాయి, తొలి కాన్పు, ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో సిజేరియన్. బిడ్డ మూడు కిలోలు. తల్లికి మత్తు వదలాలంటూ మర్నాటి దాకా బిడ్డను వేరే గదిలో ఉంచి సీసాతో డబ్బా పాలు పట్టారు. మూడో రోజు అత్తగారు రొమ్ము పిండించి, గ్లాసు అడుగున పడిన నాలుగు చుక్కలు చూపించి “ఇదీ దీని పాల సంగతి” అంది. ఇంటికి పంపేటప్పుడు చీటీలో మందులతో పాటు ఒక డబ్బా పేరు కూడా రాసి ఇచ్చారు. పద్నాలుగో రోజు ఆశా కార్యకర్త తూస్తే బిడ్డ 2.8 కిలోలు. ఇక అందరి నోటా ఒకటే మాట, తల్లికి పాలు లేవని.

ఇక్కడ కాస్త ఆగి, పాలు ఎలా వస్తాయో చూద్దాం. మొదటి రెండు రోజులూ వచ్చేవి ముర్రుపాలు. అవి కొద్దిగానే ఉంటాయి. తొలి రోజు బిడ్డ ఒకసారి తాగేది చెంచా, చెంచాన్నర మాత్రమే. మాయ బయటపడ్డాక తల్లి రక్తంలో ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. దాంతో రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల పాలు బాగా దిగుతాయి. సిజేరియన్ అయినా, తొలి కాన్పు అయినా, తల్లికి షుగరు ఉన్నా, రక్తం ఎక్కువ పోయినా ఇది ఒకటి రెండు రోజులు వెనకబడవచ్చు. వెనకబడడం అంటే లేకపోవడం కాదు. మూడో రోజు గ్లాసులో పడిన చుక్కలు ఏమీ రుజువు చేయవు. చేత్తో పిండితే వచ్చేది వేరు, బాగా పట్టు దొరికిన బిడ్డ లాగితే వచ్చేది వేరు.

ఆ తరువాత లెక్కంతా ఖాళీ చేయడంలో ఉంది. రొమ్ములో పాలు నిలిచిపోతే తయారీ తగ్గుతుంది, తీసేస్తే పెరుగుతుంది. ఒక పక్కే తాగించే తల్లికి రెండో పక్క ఎండిపోవడం మనకందరికీ తెలిసిందే. రెండింటికీ వచ్చేది ఒకే రక్తం, ఆమె తినేది ఒకే తిండి. తేడా అల్లా బిడ్డ నోరే. అందుకే పట్టే ప్రతి డబ్బా పాల సీసాకూ రొమ్ములో అన్ని పాలు మిగిలిపోతాయి, మర్నాటికి అంత తయారీ తగ్గుతుంది. పాలు లేవని డబ్బా ఇస్తారు. డబ్బా ఇచ్చినందువల్ల పాలు తగ్గుతాయి. అప్పుడు “చూశావా, నేను చెప్పలా?” అంటారు.

మరి పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుసుకోవాలి? బిడ్డ ఏడవడం, సాయంత్రం పూట గంటగంటకూ అడగడం, నెల దాటాక రొమ్ము మెత్తబడడం, పాలు కారకపోవడం – ఇవేవీ గుర్తులు కావు. గుర్తులు మూడు. మొదటి రోజుల్లో బిడ్డ బరువు కొంత తగ్గడం మామూలే. కానీ పుట్టిన బరువులో పదో వంతు తగ్గితే వెంటనే చూపించాలి. పది నుంచి పద్నాలుగు రోజుల్లో పుట్టిన బరువుకు తిరిగి రావాలి, ఆపైన రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఐదో రోజు నుంచి ఇరవై నాలుగు గంటల్లో ఆరుసార్లకు తక్కువ కాకుండా, రంగులేని మూత్రం పోయాలి. అదే సమయానికి నల్లటి విరేచనం పోయి పసుపుపచ్చది రావాలి. బిడ్డ మందంగా పడి ఉన్నా, పాలకు లేవకపోయినా, మూత్రం ముదురు రంగులో కొద్దిగానే వస్తున్నా అది ఇంటి వైద్యాలకు సమయం కాదు. ఆస్పత్రికి వెళ్లాలి.

మన బస్తీ అమ్మాయి బిడ్డ 2.8 దగ్గర ఉండిపోవడం నిజంగా ఆందోళన పడాల్సిన విషయమే. అయితే కారణం వెదికితే ఏం దొరికింది? రొమ్ము ఇస్తున్నది రోజుకు ఐదుసార్లు, రాత్రి అసలు లేదు. బిడ్డ చనుమొన కొస మాత్రమే పట్టుకుంటోంది, తల్లికి చీలికలు పడ్డాయి. డబ్బా మీద ముప్పై మిల్లీలీటర్ల నీళ్లకు ఒక చెంచా అని ఉంటే, నెల ఖర్చు తట్టుకోలేక అరవైకి ఒక చెంచా కలుపుతున్నారు. బిడ్డ ఆకలికి తల్లి రొమ్మును నిందించారు గాని, పలుచబడిన సీసా వంక ఎవరూ చూడలేదు.

ఆశా కార్యకర్తా మేమూ డబ్బాను ఒక్కసారిగా ఆపించలేదు. ఆకలితో ఉన్న బిడ్డ మీద సిద్ధాంతాలు ప్రయోగించకూడదు. ముందు డబ్బా పాలు సరైన పాళ్లలో కలపమన్నాం, సీసా మాని ఉగ్గుగిన్నెతో పట్టమన్నాం. బిడ్డ నోరు బాగా తెరిచాక దగ్గరకు లాక్కుని, గడ్డం రొమ్ముకు ఆనేలా, కింది పెదవి బయటకు మడిచి ఉండేలా, నల్లటి వలయం కింది భాగం ఎక్కువగా నోట్లోకి పోయేలా పట్టించాం. నొప్పి తగ్గింది, గుటక వినిపించింది. పగలూ రాత్రీ కలిపి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, రెండు పక్కలా, ముందు రొమ్ము, తరువాతే గిన్నె. తాగాక మిగిలినవి చేత్తో పిండి అవీ గిన్నెతోనే పట్టింది. ఇరవై ఒకటో రోజుకు బిడ్డ మూడు కిలోలు. అప్పుడు డబ్బా పాలు రోజుకు రెండుసార్లకు తగ్గించాం. డబ్బా తగ్గినా ఇరవై ఎనిమిదో రోజుకు 3.2 కిలోలు. అసలు పరీక్ష అదే. ఆ తరువాత డబ్బా పూర్తిగా మానేశారు. నలభై రెండో రోజుకు 3.6.

ఈ నాలుగు వారాలూ ఆమె చేత మందులు, మొక్కులు చేయించడానికి వచ్చిన వాళ్లు తక్కువేం కాదు. వాటి సంగతీ తేల్చుకోవాలి. తెలగపిండి కూర, మునగాకు, వెల్లుల్లి, సొరపిట్టు మంచి తిండే, తిననివ్వండి. మెంతుల మీద, మునగాకు మీద చిన్న చిన్న పరిశీలనలు కొంత లాభం చూపించాయి. నెలలు నిండిన బిడ్డల తల్లుల మీద జరిగిన 41 పరీక్షలను కాక్రేన్ సంస్థ 2020లో కలిపి చూసి, సాక్ష్యం చాలా బలహీనమని తేల్చింది. శతావరి మీద మన దేశంలోనే జరిగిన పరీక్ష 1996లో ఇండియన్ పీడియాట్రిక్స్‌లో వచ్చింది. అది తిన్న వాళ్లకూ తినని వాళ్లకూ తేడా కనిపించలేదు. 2011లో వచ్చిన మరో చిన్న పరీక్ష లాభం ఉందంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే, ఖరీదైన పొడి డబ్బా కొనమని పేదింటి ఆడదానికి చెప్పే ధైర్యం నాకు లేదు. డోంపెరిడోన్ మాత్ర నెలలు నిండని బిడ్డల తల్లులకు పాలు కొంత పెంచుతుంది. కానీ కొందరిలో గుండె లయ దెబ్బతీస్తుంది. డాక్టరు చూసి ఇవ్వాల్సిన మందది, దుకాణంలో అడిగి తెచ్చుకునేది కాదు. పైగా బిడ్డ లాగకపోతే ఏ మాత్రా నిలబడదు.

తిండి విషయంలో ఒక మాట. తక్కువ తిన్న తల్లికీ పాలు వస్తాయి. గాంబియాలో 1980ల తొలినాళ్లలో బాలింతలకు అదనంగా ఆహారం ఇచ్చి చూస్తే పాలు పెరగలేదు. దీన్ని పట్టుకుని “అయితే తిండి పెట్టనక్కర్లేదు” అనేవాళ్లు ఉంటారు. అర్థం అది కాదు. బిడ్డకు పోయే పాలు ఆమె ఒంట్లోంచి తోడుకుని పోతున్నాయని అర్థం. పథ్యం పేరుతో నీళ్లు కట్టేసి, కారప్పొడి అన్నం పెట్టడం ఆమె ఆరోగ్యాన్ని దోచుకోవడం. బాలింతకు తిండి పాల కోసం కాదు, ఆమె కోసం పెట్టాలి.

అన్నీ సరిగా చేసినా పాలు చాలని స్త్రీలు ఉన్నారు. కొద్దిమందే, కానీ ఉన్నారు. కాన్పులో రక్తం బాగా పోయినవాళ్లు, మాయ ముక్క లోపల మిగిలినవాళ్లు, థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లు, రొమ్ముకు ఆపరేషన్ అయినవాళ్లు, పాల గ్రంథులే సరిగా పెరగనివాళ్లు. మాలా-డి, మాలా-ఎన్ వంటి మాత్రల్లోని ఈస్ట్రోజెన్ కూడా పాలు తగ్గించవచ్చు. బిడ్డకు ఆరు నెలలు నిండేలోపు వాటిని చేతిలో పెట్టే వాళ్లను నిలదీయాలి. మాయ ముక్క తీస్తే, థైరాయిడ్‌కు మందు వాడితే పాలు పెరగవచ్చు. గ్రంథులే లేనప్పుడు పెరగవు. ఆమెకు డబ్బా పాలు ఒక మందు, నేరం కాదు. తల్లిపాల వారోత్సవాల్లో “పాలు లేని తల్లి ఉండదు” అని నినాదం ఇచ్చే మనం కూడా ఆమెను నిందించిన వాళ్లమే. ఆ మాట మన బ్యానర్ల మీంచి తీసేయాలి.

ఇంతకీ గట్టి సాక్ష్యం ఉన్న వైద్యం ఏది? పుట్టిన వెంటనే బిడ్డను తల్లి ఒంటికి ఆనించి ఉంచడం, విడదీయకపోవడం, పక్కన కూర్చుని పట్టు సరిచేసే మనిషి ఉండడం. హర్యానాలో అంగన్‌వాడీ కార్యకర్తలకు, నర్సులకు ఈ పని నేర్పి చూశారు. 2003లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలల వయసుకు ఆ గ్రామాల్లో 79 శాతం బిడ్డలు తల్లిపాలు మాత్రమే తాగుతున్నారు, మిగతా గ్రామాల్లో 48 శాతం. ఇది సీసాలో పోసి అమ్మేది కాదు గనుక దీనికి ప్రకటనలు లేవు.

మన దగ్గర జరుగుతున్నది చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన బిడ్డలు 37.1 శాతమే. కోతకు బిల్లు ఉంది. పక్కన కూర్చుని పాలు పట్టించే గంటకు బిల్లు లేదు, మనిషీ లేదు. డబ్బా పాలకు ప్రచారం చేయడాన్ని, ఉచితంగా పంచడాన్ని నిషేధించే చట్టం 1992 నుంచి ఉంది, 2003లో ఇంకా గట్టి చేశారు. అయినా డబ్బా పేరు చీటీల మీదికి ఎలా వస్తోంది?

ఈసారి మీ ఊళ్లో ఎవరైనా “పాలు పడలేదు” అంటే ముందు తక్కెడ అడగండి. ఆశా కార్యకర్త మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో ఇంటికి రావాలి, బిడ్డను తూచాలి. వచ్చిందో లేదో కనుక్కోండి, రాకపోతే రప్పించండి. డబ్బా పేరు రాసిన చీటీ దొరికితే దాచండి, అది సాక్ష్యం. బిడ్డను ఎన్ని గంటలు వేరుగా ఉంచారో, ఎందుకు ఉంచారో ఆస్పత్రిని రాతపూర్వకంగా అడగండి. ఇన్నాళ్లూ జవాబు చెప్పుకున్నది ఆ తల్లి ఒక్కతే.