మూడు ఊళ్లలో ప్లాంట్లుంటే వికేంద్రీకరణేనా?

కేంద్రీకరణ అంటే ఏమిటి, వికేంద్రీకరణ అంటే ఏమిటి అని నేరుగా అడిగితే కామర్స్, మేనేజ్‌మెంట్ విద్యార్థుల్లో చాలామంది తడుముకోకుండా రాసేస్తారు. ఫార్మల్, ఇన్‌ఫార్మల్ ఆర్గనైజేషన్ల తేడాలూ పట్టిక గీసి మరీ ఇస్తారు. అదే ఒక కంపెనీ గురించి పది లైన్లు ఇచ్చి ‘ఇక్కడ ఉన్నది ఏది? సమర్థించండి’ అంటే మాత్రం పెన్ను ఆగిపోతుంది. పన్నెండో తరగతి బిజినెస్ స్టడీస్ నుంచి బీకాం, ఎంబీఏ సెమిస్టర్ల దాకా ఈ తరహా కేస్ ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది.

చిక్కు ఎక్కడంటే, చాలామంది కేసును చదవరు, అందులో గుర్తుపట్టే పదాల కోసం వెతుకుతారు. ‘బ్రాంచీలు’ కనిపిస్తే వికేంద్రీకరణ, ‘స్నేహితులు’ కనిపిస్తే ఇన్‌ఫార్మల్ అని రాసేస్తారు. కొన్ని గైడ్లు కూడా ఇదే నేర్పుతున్నాయి. ప్రశ్న తయారుచేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఆ పదాలనే ఎరగా వేస్తారు.

రెండు జంటలూ ఒకటి కాదు

ముందుగా ఒక విషయం స్థిరపరచుకోవాలి. సిలబస్‌లో పక్కపక్కనే ఉన్నా, ఈ రెండు జంటలూ ఒకే రకం ప్రశ్నకు జవాబులు కావు.

కేంద్రీకరణ, వికేంద్రీకరణ అనేవి ఒకే కొలబద్దకు రెండు కొసలు. కింది ఉద్యోగి పాత్రకు ప్రాధాన్యం పెంచే ప్రతిదీ వికేంద్రీకరణ అనీ, తగ్గించే ప్రతిదీ కేంద్రీకరణ అనీ హెన్రీ ఫేయల్ 1916లోనే తేల్చాడు. అంటే అసలు ప్రశ్న ‘ఉందా, లేదా’ కాదు, ‘ఎంత’ అన్నది. ఏ కంపెనీ అయినా ఆ రెండు కొసల మధ్య ఎక్కడో ఒకచోట ఉంటుంది. అన్ని నిర్ణయాలూ పైవాళ్లే తీసుకుంటే కింద మేనేజర్లతో పనే లేదు. అన్నీ కిందికి వదిలేస్తే అది ఒక కంపెనీగా మిగలదు.

ఫార్మల్, ఇన్‌ఫార్మల్ సంగతి వేరు. పాఠ్యపుస్తకాల్లో నియత, అనియత అనే మాటలు చూసే ఉంటారు. ఇవి ఒకే చోట ఒకదానిపై ఒకటి ఉండే రెండు పొరలు. యాజమాన్యం గీసిన చార్టు, హోదాలు, ఎవరు ఎవరికి రిపోర్ట్ చేయాలన్న నియమం పై పొర. ఆ చార్టులో పనిచేసే మనుషుల మధ్య వాటంతట అవే పుట్టే సంబంధాలు కింది పొర. కాబట్టి ‘ఈ కంపెనీ ఫార్మల్ కాదు, ఇన్‌ఫార్మల్’ అని రాస్తే జవాబు తప్పినట్టే. కేసులో వర్ణించిన ఫలానా వ్యవహారం ఏ పొరకు చెందిందో చెప్పాలి.

‘కింది స్థాయికి స్వేచ్ఛ ఇచ్చారు కాబట్టి ఇన్‌ఫార్మల్’ అని కలిపేసేవారు ఇక్కడే బోల్తా పడతారు. రాతపూర్వకంగా అధికారం కిందికి ఇస్తే అది వికేంద్రీకరణే, అదే సమయంలో పూర్తిగా ఫార్మల్ కూడా.

ఒక కేసు తీసుకుందాం

పరీక్షలో ఇలా వచ్చిందనుకోండి. ఒక బిస్కెట్ల కంపెనీ హెడ్డాఫీసు హైదరాబాద్‌లో ఉంది. విజయవాడ, వరంగల్, కర్నూలులో ప్లాంట్లున్నాయి. ప్లాంట్ మేనేజర్లు షిఫ్టులు వేస్తారు, సెలవులు మంజూరు చేస్తారు, 20 వేల రూపాయల లోపు రిపేర్లు తామే చేయిస్తారు. ఆపైన ఏ ఖర్చయినా, కొత్త నియామకాలు, ధరలు, డీలర్ల కమీషన్ హెడ్డాఫీసే తేలుస్తుంది. మేనేజర్ల నిర్ణయాలను ప్రతి సోమవారం ఎండీ పరిశీలించి, అవసరమైతే మారుస్తారు. ఇక వరంగల్ ప్లాంటులో ప్యాకింగ్, మెషిన్ సెక్షన్ల కార్మికులు కొందరు రోజూ కలిసి భోంచేస్తారు. కొత్త మెషిన్ వస్తోందన్న కబురు సర్క్యులర్‌కు రెండు రోజుల ముందే వాళ్లకు చేరింది. ఉద్యోగాలు పోతాయని ఒక సీనియర్ ఆపరేటర్ అనడంతో, మేనేజర్ పిలిచినా శిక్షణకు ఎవరూ పేర్లు ఇవ్వలేదు.

అధికారం ఎటు మొగ్గిందో ముందు చూద్దాం. దీనికి అమెరికన్ మేనేజ్‌మెంట్ పండితుడు ఎర్నెస్ట్ డేల్ చెప్పిన నాలుగు పరీక్షలు చక్కగా పనికొస్తాయి. కింది స్థాయిలో ఎన్ని నిర్ణయాలు జరుగుతున్నాయి? అవి ఎంత ముఖ్యమైనవి? ఎన్ని విభాగాలకు సంబంధించినవి? వాటిపై పైవాళ్ల తనిఖీ ఎంత?

మన కేసులో మొదటి పరీక్ష వికేంద్రీకరణ వైపే మొగ్గుతుంది. షిఫ్టులు, సెలవులు, చిన్న రిపేర్లు కలిపితే మేనేజర్ రోజుకు చాలా నిర్ణయాలే తీసుకుంటాడు. విద్యార్థి ఇక్కడితో ఆగిపోతే తప్పు జవాబు వస్తుంది. రెండో పరీక్ష చూడండి. డబ్బు, మనుషులు, మార్కెట్ మీద ప్రభావం చూపే నిర్ణయం ఒక్కటీ మేనేజర్ చేతిలో లేదు. మూడోది కూడా అంతే. ఆయన అధికారం ప్లాంటు రోజువారీ నిర్వహణ దాటి అమ్మకాలు, నియామకాల దాకా వెళ్లలేదు. నాలుగోది అన్నిటికంటే గట్టి ఆధారం. తీసుకున్న నిర్ణయాన్ని సోమవారం ఎండీ మార్చగలిగితే, చివరి మాట మేనేజర్‌ది కాదన్నమాట. కాబట్టి ఈ కంపెనీ కేంద్రీకరణ వైపు మొగ్గింది.

మరి మూడు ఊళ్లలో ఉన్న ప్లాంట్ల మాటేమిటి? అది భౌగోళిక విస్తరణ మాత్రమే. కంపెనీ ఎన్ని ఊళ్లలో ఉందన్నది ఒకటి, అధికారం ఎన్ని చేతుల్లో ఉందన్నది ఇంకొకటి. ఒకే భవనంలో ఉన్న కంపెనీ వికేంద్రీకృతం కావచ్చు, దేశమంతా బ్రాంచీలున్న కంపెనీ కేంద్రీకృతంగా ఉండొచ్చు.

ఇప్పుడు కేసును కొంచెం మార్చండి. ఖర్చు పరిమితి 20 వేలు కాదు, 20 లక్షలు. స్థానిక నియామకాలు, డీలర్ల కమీషన్ మేనేజర్లవే. ఎండీ ఏడాది చివర లాభనష్టాలు మాత్రమే చూస్తారు. బ్రాండ్ విధానం, పెద్ద పెట్టుబడులు హెడ్డాఫీసు దగ్గరే ఉన్నాయి. అప్పుడు జవాబు వికేంద్రీకరణ వైపు తిరుగుతుంది. పెట్టుబడులు పైన ఉంచుకున్నారు కదా అని కంగారు పడక్కర్లేదు. 1920ల్లో జనరల్ మోటార్స్‌లో ఆల్ఫ్రెడ్ స్లోన్ చేసింది ఇలాంటిదే. షెవర్లే, బ్యూక్, క్యాడిలాక్ వంటి డివిజన్లు తమ వ్యాపారం తాము నడుపుకునేవి. ఆర్థిక నియంత్రణ, ఉమ్మడి విధానాలు కేంద్ర కార్యాలయం చూసేది. వికేంద్రీకరణకు పేరుపడిన ఉదాహరణ అది.

ఇంకో మలుపు కూడా ఉంది. ‘విజయవాడ మేనేజర్‌కు మాత్రం కొనుగోళ్ల బాధ్యత ఎండీ అప్పగించారు’ అని కేసులో ఉంటే అది డెలిగేషన్, అంటే ఒక పై అధికారి, ఒక కింది అధికారి మధ్య జరిగే అప్పగింత. అదే అధికారాన్ని కంపెనీ విధానంగా అన్ని ప్లాంట్లకూ, అన్ని స్థాయులకూ ఇస్తే వికేంద్రీకరణ. ‘ఒకరికి’ అని ఉందా, ‘అందరికీ’ అని ఉందా అన్నది చూసి తేల్చుకోండి.

ఉత్తర్వుతో పోతుందా?

రెండో సగానికి వద్దాం. వరంగల్ భోజనాల బృందం ఇన్‌ఫార్మల్ అని ఎవరైనా చెబుతారు. ఎందుకు అన్నది రాస్తేనే మార్కు. కలిసి భోంచేయడం ఒక్కటే కారణం కాదు. వేర్వేరు సెక్షన్లవాళ్లు కలిశారు, అంటే బృందం చార్టు గీతల్ని దాటింది. కబురు సర్క్యులర్ కంటే ముందే చేరింది, దీన్నే గ్రేప్‌వైన్ అంటారు. సీనియర్ ఆపరేటర్‌కు హోదా ఇవ్వకపోయినా ఆయన మాటే చెల్లింది. ఈ మూడూ కేసులోంచి తీసిన ఆధారాలు.

అనుమానం వచ్చినప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ‘దీన్ని రద్దు చేస్తూ యాజమాన్యం ఉత్తర్వు ఇస్తే ఇది పోతుందా?’ హెచ్ఆర్ ఏర్పాటు చేసిన క్రికెట్ టీమ్, సరదాగా సాగే క్వాలిటీ కమిటీ, కంపెనీ నడిపే వాట్సాప్ గ్రూపు ఉత్తర్వుతో పోతాయి. ఎంత స్నేహంగా ఉన్నా అవి ఫార్మల్ ఏర్పాట్లే. భోజనాల బృందానికి క్యాంటీన్ మూసేసినా, వాళ్లు గేటు బయట టీ కొట్టు దగ్గర కలుస్తారు.

ఈ పొరకు ఎంత బలం ఉంటుందో షికాగో దగ్గర వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీ హాథార్న్ కర్మాగారంలో తేలింది. 1931-32లో టెలిఫోన్ ఎక్స్ఛేంజి పరికరాలకు వైర్లు బిగించే 14 మందిని ఒక గదిలో ఉంచి పరిశీలించారు. గ్రూపు ఉత్పత్తి పెరిగితే జీతమూ పెరిగే పద్ధతి అది. అయినా రోజుకు ఇంతే చేయాలని వాళ్లలో వాళ్లే ఒక లెక్క పెట్టుకున్నారు. ఎక్కువ చేసినవాణ్ని ఎగతాళి చేశారు, భుజం మీద గుద్దారు. మరీ తక్కువ చేసినవాణ్నీ ఊరుకోలేదు, పైవాళ్లకు చాడీలు చెప్పినవాణ్నీ ఊరుకోలేదు. యాజమాన్యం పెట్టిన లక్ష్యం కంటే గదిలో పుట్టిన నియమమే గెలిచింది. మన వరంగల్ కేసులో శిక్షణకు పేర్లు రాకపోవడమూ ఇలాంటిదే. ఇన్‌ఫార్మల్ ఆర్గనైజేషన్ పరిమితుల్లో ‘మార్పును అడ్డుకోవడం’ అని చదువుకున్నది ఇదే.

జవాబు ఎలా ఉండాలి?

మొదటి భాగానికి ‘కేంద్రీకరణ వైపు మొగ్గింది’ అని తేల్చి, కేసులోని రెండు వాక్యాలు చూపండి: 20 వేల పరిమితి, సోమవారం మార్పులు. ఊళ్ల సంఖ్య ఆధారం కాదని ఒక మాట రాస్తే, ఎరను గమనించారని దిద్దేవారికి అర్థమవుతుంది. రెండో భాగానికి ‘వరంగల్ కార్మికుల మధ్య ఇన్‌ఫార్మల్ ఆర్గనైజేషన్’ అని ఎవరి మధ్యో పేర్కొని, గ్రేప్‌వైన్, హోదా లేని నాయకుడు అన్న ఆధారాలు ఇవ్వండి. పరిష్కారం అడిగితే ఆ బృందాన్ని విడగొట్టాలని రాయకండి, అది ఉత్తర్వుతో పోయేది కాదు. ఆ సీనియర్ ఆపరేటర్‌తో ముందే మాట్లాడి, మెషిన్ వల్ల ఎవరి పని ఎలా మారుతుందో చెప్పాలని రాయండి.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికీ ఒక మాట. ‘ఎండీయే అన్ని నిర్ణయాలూ తీసుకుంటారు’ అని ఒక్క వాక్యం పడేసి కేంద్రీకరణ అని రాయించుకుంటే అది కేస్ ప్రశ్న కాదు, నిర్వచనానికి ముసుగు. ఖర్చు పరిమితి ఎంతో, తనిఖీ ఎవరు చేస్తారో ఇవ్వండి. ఒక కంపెనీలో చేరబోయే విద్యార్థి నిజంగా తెలుసుకోవాల్సింది అదే. ఆఫర్ లెటర్ మీద హోదా ఏదైనా, ఎంత ఖర్చు దాకా తన సంతకం చెల్లుతుందో, ఆ సంతకాన్ని ఎవరు మార్చగలరో, చార్టులో లేని ఎవరి మాట ఆ అంతస్తులో చెల్లుతుందో అడిగి తెలుసుకున్నవాడికే తను చేరిన చోటు అర్థమవుతుంది.