పేరు వదినది, ఫోన్ అన్నది

కామాఠిపుర, ఫాక్‌లాండ్ రోడ్ చాళ్లలో మనవాళ్లు నలుగురు కూర్చుంటే ఒకటే సలహా: "సర్కారు నౌకరీ ఉందా? ధంధా పెళ్లాం పేరు మీద పెట్టు, గప్‌చుప్‌గా ఉండు." ఈ సలహా మనల్ని ముంచుతుందని మేమంటాం.

పోస్టాఫీసులో పనిచేసే ఒక అన్నను అనుకోండి. వదిన ఇంట్లో టిఫిన్ డబ్బాలు కడుతుంది. అందులో తప్పు లేదు. 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో 15వ నియమం ఆపేది అన్నను, వదినను కాదు. కాకపోతే భార్య వ్యాపారం చేస్తోందని అన్న ఆఫీసుకు రాసివ్వాలి. గప్‌చుప్‌గా ఉండటమే అక్కడ తప్పు.

ఇక ఆర్డర్లు అన్నే తీసుకుని, డబ్బులు అన్న ఫోన్‌కే వస్తుంటే పేరు వదినది, వ్యాపారం అన్నది. "పరోక్షంగా" చేసినా తప్పేనని నియమం అంటున్నది దీన్నే. ఒక్క ఫిర్యాదు వెళ్తే బ్యాంకు స్టేట్‌మెంటే సాక్ష్యం.

అందుకే ఖాతా, ఫోన్, లెక్క అన్నీ వదినవే కానివ్వండి. ఆఫీసుకిచ్చిన కాగితం నకలు మీద ముద్ర వేయించుకుని దాచుకోండి. వండేది వదిన అయినప్పుడు, సంపాదన కూడా వదినదేనని ఒప్పుకోవడానికి మనకెందుకింత కష్టం?