ఎత్తినవాళ్ళే ముందు చెప్పాలి

మన ఆఫీసుల్లో ఫోనెత్తగానే వినిపించే మొదటి మాట "హలో". రెండో మాట "ఎవరూ?". ఈ రెండో మాటతోనే నాకు పేచీ.

ఇల్లయితే సరే. తలుపు తట్టినవాళ్ళని ఎవరని అడిగే హక్కు ఇంట్లోవాళ్ళకుంది. కానీ ఆసుపత్రీ, బ్యాంకూ, బడీ గుమ్మం మీద బోర్డు కట్టుకుని, రమ్మని పిలుస్తున్న చోట్లు కదా! ఫోన్లో ఆ బోర్డు కనిపించదు. దాన్ని చదివి వినిపించాల్సింది లోపలున్నవాళ్ళా, బయటున్నవాళ్ళా?

రక్తపరీక్షలు చేసే ఓ లేబరేటరీకి ఒక పెద్దావిడ ఫోన్ చేసిందనుకోండి.

"హలో."

"హలో... ఎవరూ?"

"అది లేబరేటరీయేనా అమ్మా?"

"మీకెవరు కావాలి?"

"మావారి రిపోర్టు..."

"పేరు?"

"నా పేరా, ఆయన పేరా?"

అరనిమిషం గడిచింది. తను ఫోన్ చేసింది సరైన చోటికో కాదో ఆవిడకింకా తెలియలేదు. ఆ అమ్మాయి పొగరుబోతేం కాదు. ఎలా మాట్లాడాలో ఆమెకెవరూ చెప్పలేదు, అంతే. అద్దాల తలుపులకీ, మెత్తటి సోఫాలకీ డబ్బు పోసిన యజమాని, ఆమె పక్కన పది నిమిషాలు కూచుని ఒక్క వాక్యం నేర్పలేదు. పైగా "గొంతు తియ్యగా ఉండాలి" అని మాత్రం సెలవిస్తాడు. తియ్యదనం ఎవరిక్కావాలండీ? ఆ పెద్దావిడకి కావలసింది లేబరేటరీ పేరు!

ఆ వాక్యం ఇదీ: "నమస్కారమండీ. ఫలానా లేబరేటరీ. సుజాతని మాట్లాడుతున్నాను." అంతే. నాలుగైదు సెకన్లు.

ఈ వరసకో కారణముంది. ఫోను కలిసిన ఆ క్షణంలో అవతలివాళ్ళు ఇంకా గంట మోతే వింటూంటారు, లేదా రిసీవరు చెవి దగ్గర సర్దుకుంటూంటారు. మొదటి మాట సగం పోతుంది. పోతే పోనీ అనుకోదగ్గ మాట "నమస్కారం". అది లేకుండా నేరుగా పేరే అందుకుంటే, పేరే సగం పోతుంది. ఇక సంస్థ పేరు నిదానంగా చెప్పాలి. మామూలు టెలిఫోను లైను మనిషి గొంతునంతా మోయదు. సుమారు 300 నుంచి 3400 హెర్ట్‌జ్ దాకానే పంపుతుంది. 'స', 'ఫ' లాంటి అక్షరాల్లోని ఈల చాలామటుకు ఆ పైనే ఆగిపోతుంది. మీకు రోజుకి వందసార్లు అలవాటైన పేరు, అవతలివాళ్ళకి మొదటిసారి, అదీ సగం అక్షరాలతో చేరుతుంది మరి! సొంత పేరు చివర్న. చివర విన్నది నోటికి అందుబాటులో ఉంటుంది. "సుజాతగారూ, మావారి రిపోర్టు" అని ఆవిడే అందుకుంటుంది.

ఆ తర్వాత నోరు మూసుకోవాలి. ఇది చాలామందికి చేతకాదు. "శుభోదయం, మీకు నేను ఏ విధంగా సహాయపడగలను" అంటూ అప్పజెప్పే పాఠం ఈమధ్య ఎక్కువైంది. అది సగంలో ఉండగానే ఆవిడ మాట మొదలుపెడుతుంది, ఇద్దరూ ఢీకొంటారు, "చెప్పండి చెప్పండి" అంటూ మళ్ళీ మొదటికి.

మొదటి గంటకే గబుక్కున అందుకోవడమూ గొప్ప కాదు. పక్కసీటు కబురు నోట్లో ఉండగానే ఎత్తితే, "అదే చెప్తున్నా... ఆఁ, హలో" అన్నదే ఆ సంస్థ బోర్డయిపోతుంది. రెండో గంటో మూడోదో మోగేలోపు కబురు ముగించి, కలం చేతిలోకి తీసుకుని, అప్పుడెత్తండి.

"ఆడపిల్ల పేరెందుకు చెప్పాలి? రేపెవడో పేరు పట్టుకుని వెంటపడితే?" అంటారు మీలో కొందరు. ఆ మాట కొట్టెయ్యలేను, అలాంటివాళ్ళున్నారు. అందుకే సంస్థ పేరు తప్పనిసరి, సొంత పేరు ఆమె ఇష్టం అంటాను. "రిపోర్టుల విభాగం" అన్నా ఆవిడకి దారి తెలుస్తుంది. ఆఫీసు ఫోనుకోసం వేరే పేరు పెట్టుకున్నా ఎవరి సొమ్మూ పోదు. కానీ పేరు చెప్పమని బలవంతపెట్టే యజమాని, వెకిలివాడు ఫోన్ చేసినప్పుడు "పెట్టేయ్, నేనున్నాను" అనే ధైర్యం కూడా ఇవ్వాలి. అది లేనిచోట మర్యాద భారమంతా ఆమె నెత్తినే పడుతుంది.

ఇంకొక్కటి. రెండు ఫోన్లు ఒకేసారి మోగినప్పుడు ఎత్తీ ఎత్తగానే "లైన్లో ఉండండి" అని బటన్ నొక్కేస్తారు చూశారూ, దానంత ఘోరం లేదు. ముందు సంస్థ పేరు చెప్పి, "ఒక్క నిమిషం ఆగగలరా అండీ?" అని అడిగి, జవాబు వినాలి. మామూలుగా "ఆగుతానమ్మా" అనే అంటారు. ఎప్పుడో ఒకసారి మాత్రం "ఆగలేను తల్లీ, మావారికి షుగరు పడిపోయింది, పలకడం లేదు, డాక్టరుగారున్నారా?" అంటారు.