ఇల్లు మారే ముందు

పలాస-కాశీబుగ్గ ఇరుకు సందుల్లోని మన కుటుంబాలు మోత, దుమ్ము భరించలేక ఇల్లు మారాలనుకోవడం సహజమే. అయితే పక్క స్థలంలో కట్టడం ముగిస్తే తీరే బాధకు మసీదునూ బడినీ విడిచిపోనక్కరలేదని మేము భావిస్తున్నాము. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు మోత చేసే నిర్మాణ యంత్రాలు నడపరాదు. తేదీ, వేళ రాసుకొని పోలీసులకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. దుమ్ముకు అడ్డుతెరలు కట్టించాలని, నీళ్లు చల్లించాలని మునిసిపాలిటీని కోరండి.

బిడ్డ దగ్గు బంధువుల ఇంట తగ్గి, తిరిగి రాగానే మొదలవుతుంటే, పక్క పని ముగిశాకా ఆగకపోతే, వైద్యునికి చూపించి మారవలసిందే.

ఎక్కడికన్నదే చిక్కు. టెక్కలి వైపు గ్రానైటు పాలిష్ యూనిట్ల పక్కన అద్దె తక్కువని చేరితే, సిమెంటు దుమ్ముకు బదులు రాతిపొడి పీల్చవలసి వస్తుంది. ఉద్దానంలో కొబ్బరితోటల గాలి ఉంది. మూత్రపిండాల వ్యాధీ ఉంది, దాని కారణం నేటికీ పూర్తిగా తేలలేదు. అందుచేత అక్కడ అద్దె బేరానికి ముందు, హిరమండలం జలాశయం నీరు ఆ ఇంటి కుళాయికి రోజూ వస్తున్నదో లేదో ఇరుగుపొరుగు ఆడవాళ్లనే అడగండి. బోరునీరే దిక్కయితే, పేరు విని తలుపు మూయని యజమాని దొరికినా సరే, అక్కడికి మారవద్దు.