చొక్కా కుట్టడం వచ్చా... కొలత తేల్చడం వచ్చా?

ఊళ్లో టైలర్ దగ్గరికి వెళితే మన ఒంటికి టేపు పెట్టి కొలత తీసుకుంటాడు. ఎక్స్‌పోర్ట్ ఫ్యాక్టరీలో ఒంటికి టేపు పెట్టడమనేదే ఉండదు. చొక్కా తొడుక్కునే మనిషి ఏ అమెరికాలోనో ఉంటాడు. ఆర్డరిచ్చిన కంపెనీ పంపిన కొలతల కాగితం మాత్రమే చేతిలో ఉంటుంది. దాన్ని చూసి కాగితం మీద ముందు భాగం, వెనక భాగం, చేతులు, కాలరు విడివిడిగా గీసి కత్తిరించేది ప్యాటర్న్ కట్టర్. ఆ కాగితంలో సెంటీమీటరు తేడా వచ్చిందంటే ఆ తేడా ఒక్క చొక్కాతో పోదు, వేల చొక్కాల్లో వస్తుంది.

అందుకే ఈ ఉద్యోగానికి రాసే దరఖాస్తు ఉత్తరం మామూలు ఉత్తరంలా ఉంటే కుదరదు.

బొగ్గుబెల్టులో కుట్టు నేర్చుకోవడం కొత్తేమీ కాదు. గని కుటుంబాల మహిళలకు సింగరేణి సేవా సమితి టైలరింగ్ శిక్షణ ఇస్తూ వచ్చింది. ఐటీఐల్లో సూయింగ్ టెక్నాలజీ, డ్రెస్ మేకింగ్ లాంటి ఏడాది కోర్సులున్నాయి. మంచిర్యాల జిల్లా కాసిపేటలో గని కార్మికుడి కూతురు ఒకమ్మాయి ఇలాంటి కోర్సు పూర్తిచేసి ఫ్యాక్టరీకి ఉత్తరం రాస్తోందనుకుందాం. చాలామంది రాసేది ఇలా ఉంటుంది: 'నేను టైలరింగ్ కోర్సు పూర్తిచేశాను. అన్ని రకాల దుస్తులు కుట్టడం వచ్చు. కష్టపడి పనిచేస్తాను. అవకాశం ఇవ్వగలరు.'

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ చదివిన మేనేజరుకు ఒక్కటే అర్థమవుతుంది... ఈ అమ్మాయికి మిషన్ కుట్టడం వచ్చని. పిలిస్తే కుట్టు లైన్లోకే పిలుస్తారు. అక్కడ రోజంతా కాలరో, జేబో, ఏదో ఒక్క ముక్కే కుట్టాలి. ప్యాటర్న్ గది వేరు. అందులోకి వెళ్లాలంటే ఉత్తరంలోనే ఆ పని కనిపించాలి.

ముందు పోస్టు పేరు

'కట్టర్' అని ఊరికే రాస్తే పొరపాటు పడే ప్రమాదముంది. పరిచిన బట్ట దొంతరను కరెంటు కత్తితో కోసేవాళ్లనూ కట్టర్ అనే అంటారు. కాగితం మీద నమూనా తయారుచేసే వ్యక్తి ప్యాటర్న్ మాస్టర్. చదువు అయిపోగానే మాస్టర్ పోస్టు ఎవరూ ఇవ్వరు. కాబట్టి 'ప్యాటర్న్ మాస్టర్ దగ్గర సహాయకురాలి పోస్టు' అని స్పష్టంగా అడగడమే నయం.

ఫ్యాక్టరీ ఏం తయారుచేస్తుందో కూడా తెలుసుకోవాలి. వరంగల్ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో 2022లో శంకుస్థాపన చేసుకున్న కైటెక్స్‌ది పసిపిల్లల దుస్తుల వ్యాపారం. అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ లోదుస్తులకు పేరుపడింది. ఇలాంటి చోట్ల సాగే అల్లిక బట్టే ఎక్కువ. సాగే బట్టకు వదులు తక్కువ పెడతారు, చొక్కా గుడ్డకు ఎక్కువ కావాలి. పిల్లల దుస్తులు చేసే చోటికి పెద్దవాళ్ల చొక్కా గురించే రాస్తే, ఆ రకం బట్ట మీద పనిచేయలేదని వాళ్లే అనుకుంటారు.

ఒక్క చొక్కా చాలు

పది రకాలు వచ్చని రాసే బదులు, చేసిన ఒక్క పనిని లెక్కతో చెప్పడం మేలు. కోర్సు చివర చేసిన చొక్కానే తీసుకుందాం. మీడియం సైజు, ఉతికాక వెనక పొడవు 74 సెంటీమీటర్లు ఉండాలి. బట్ట నూలుది, కుట్టాక ఉతికి పంపాలి.

నూలు బట్ట ఉతికితే ముడుచుకుంటుంది. ఎంత ముడుచుకుంటుందో తెలియాలంటే బట్ట మీద 50 సెంటీమీటర్ల చదరం గీసి, చొక్కాను ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, ఆరాక మళ్లీ కొలవాలి. నిలువున 48.5 వచ్చిందంటే నూటికి 3 పోయినట్టు. అడ్డంగా వేరే అంకె రావచ్చు, అందుకని రెండూ విడిగా చూడాలి. ఈ లెక్క చూడకుండా 74కే కోస్తే ఉతికాక 71.8 మిగులుతుంది. కొలతల కాగితంలో ఒక సెంటీమీటరు తేడాకే అనుమతి ఉంటే ఆ సరుకంతా తిరస్కారమే. 74ను 0.97తో భాగిస్తే 76.3 వస్తుంది. కాగితం మీద గీయాల్సింది ఆ పొడవు. కుట్టు కోసం వదిలే అంచును ఆ తర్వాతే కలుపుకోవాలి.

రెండో పరీక్ష సైజులు పెంచడంలో. మీడియం నుంచి లార్జ్‌కు ఛాతీ చుట్టుకొలత 4 సెంటీమీటర్లు పెరగాలంటే, ముందూ వెనకా కలిపి నాలుగు పావు భాగాలు కాబట్టి ఒక్కో భాగానికి సెంటీమీటరు చొప్పున పెంచుతారు. దాంతోపాటు చంక వంపు కూడా పెరుగుతుంది. చేతి ముక్క పై వంపు అలాగే ఉండిపోతే రెండూ కలవవు, లాగి కుట్టాల్సి వస్తుంది, భుజం దగ్గర ముడతలు పడతాయి. ఇది కుట్టకముందే కనిపెట్టొచ్చు. చేతి కాగితం అంచును చంక కాగితం అంచు మీద కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పోతే, చివర ఎంత తేడా మిగిలిందో తెలిసిపోతుంది.

ఉత్తరం ఇలా

ఫ్యాక్టరీ ఇంగ్లిషులో పంపమన్నా, విషయం ముందు తెలుగులో తేల్చుకుంటే రాయడం తేలిక. పై పనినే ఉత్తరంలో పెడితే ఇలా వస్తుంది.

'గౌరవనీయులైన మేనేజర్ గారికి,

మీ ఫ్యాక్టరీలో ప్యాటర్న్ విభాగంలో సహాయకురాలి పోస్టుకు దరఖాస్తు చేస్తున్నాను. ఈ ఏడాది సూయింగ్ టెక్నాలజీ కోర్సు పూర్తిచేశాను.

శిక్షణలో పురుషుల చొక్కాకు కొలతల కాగితం చూసి ప్యాటర్న్ తయారుచేశాను. కోయకముందు బట్టను ఉతికి చూస్తే నిలువున నూటికి 3 ముడుచుకుంది. 74 సెంటీమీటర్ల పొడవు కోసం 76.3 గీశాను. కుట్టి ఉతికాక 74 వచ్చింది. అదే ప్యాటర్న్‌ను లార్జ్‌కు పెంచి, చేతి వంపు, చంక వంపు సరిపోయాయో లేదో కాగితం మీదే సరిచూశాను.

కంప్యూటర్‌లో ప్యాటర్న్ గీయడం శిక్షణలో చూశాను, సొంతంగా ఇంకా చేయలేదు. నేర్చుకోవాలనుకుంటున్నాను. మాది కాసిపేట. హాస్టల్ సౌకర్యం ఉంటే పదిహేను రోజుల్లో చేరగలను. పరీక్షగా ఏ ప్యాటర్న్ ఇచ్చినా మీ దగ్గరే చేసి చూపిస్తాను.

ఇట్లు,
సంతకం'

ఇంతే... ఒక్క పేజీ దాటలేదు. కంప్యూటర్ గురించిన వాక్యం అక్కరలేదనిపించొచ్చు. కానీ రానిది వచ్చని రాస్తే, ఇంటర్వ్యూలో స్క్రీన్ ముందు కూర్చోబెట్టిన ఐదు నిమిషాల్లో సంగతి తేలిపోతుంది. అప్పుడు నిజంగా చేసిన చొక్కా లెక్కనూ నమ్మరు. హాస్టల్ మాట కూడా అవసరమే. కాసిపేట నుంచి వరంగల్‌కు రోజూ వెళ్లిరావడం కుదరని పని. ఊరి పేరు చూడగానే మేనేజరుకు మొదట వచ్చే సందేహం అదే.

ఇక ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు కుట్టిన చొక్కా ఒక్కటే పట్టుకెళితే చాలదు. దాన్ని చూస్తే కుట్టు ఎలా ఉందో తెలుస్తుందంతే. దాని కాగితపు ప్యాటర్న్ కూడా వెంట ఉండాలి. ప్రతి ముక్క మీదా సైజు, నిలువు పోగు గీత, రెండు ముక్కలు కలిసే చోట చిన్న గాటు, ఎన్ని ముక్కలు కోయాలో అంకె రాసి ఉండాలి. ప్యాటర్న్ మాస్టర్ చొక్కాను పక్కన పెట్టి, ముందు ఆ కాగితాలే తిరగేస్తాడు.